వైరింగ్ మార్చాక బేస్ ఎందుకు మాయమైంది? ఒక్క ప్లస్, మైనస్ తారుమారు కథ

ఈ రోజు ఎపిసోడ్ కొత్త ఫోన్ గురించో, కొత్త యాప్ గురించో కాదు. మా ఇంట్లో మూడు నెలల పాటు అందరినీ తప్పుదారి పట్టించిన ఒక సమస్య గురించి. దాన్ని సరిచేయడానికి ఖర్చు సున్నా రూపాయలు, టైమ్ రెండు నిమిషాలు. కనిపెట్టడానికి మాత్రం మాకు మూడు నెలలు పట్టింది.

మాది తెనాలి. నాన్న రిటైర్డ్ టీచర్. హాల్లో ఆయనకి ఒక పాత టూ ఛానల్ యాంప్లిఫయర్, ఎనిమిది అంగుళాల వూఫర్ ఉన్న రెండు పెద్ద బాక్స్ స్పీకర్లు ఉన్నాయి. రోజూ సాయంత్రం టీ తాగుతూ ఘంటసాల పాటలు, ఆదివారం అయితే ఇళయరాజా. ఇది నేను పుట్టకముందు నుంచీ నడుస్తున్న టైమ్ టేబుల్.

మొన్న వేసవిలో ఇంటికి రంగులు వేయించారు. పనిలో పనిగా, గోడ మీద వేలాడే స్పీకర్ వైర్లు బాగోలేవని, ఎలక్ట్రీషియన్‌తో గోడ లోపల పైపులు వేయించి కొత్త వైర్లు లాగించారు. చూడ్డానికి హాలు అదిరిపోయింది. కానీ పాట పెట్టాక ఏదో తేడా. పాట వస్తోంది, మాటలు వినిపిస్తున్నాయి, కానీ ఆ నిండుతనం లేదు. తబలా దెబ్బ పడుతోంది గానీ బరువు లేదు. రేకు డబ్బాలోంచి పాడుతున్నట్టు ఉంది.

నాన్న ఎలక్ట్రీషియన్‌ని అడిగితే, "వైర్ కొత్తది కదా మాస్టారూ, నాలుగు రోజులు వాడితే సెట్ అవుతుంది" అన్నాడట. నాలుగు రోజులు కాదు, నలభై రోజులైనా సెట్ అవ్వలేదు. తర్వాత రిపేర్ షాపులో అడిగితే, సెట్టు చూడకుండానే "వూఫర్లు వీక్ అయ్యాయి, రెండింటికీ కోన్లు మార్చాలి, మూడున్నర వేలు అవుతుంది" అన్నారు. ఈ లోపు నాన్న తనే ఒక నిర్ణయానికి వచ్చేశారు. ఫోన్‌లో నాతో అన్నారు, "ఒరేయ్, స్పీకర్లు బాగానే ఉండి ఉంటాయిరా. నా చెవులే పోతున్నాయేమో. ఈ మధ్య పెట్టడం మానేశాను." ఆ మాట విన్నాక ఆ వీకెండ్ బస్సెక్కేశాను.

బ్యాలెన్స్ నాబ్ చెప్పిన నిజం

వెళ్ళగానే అందరూ చేసేదే నేనూ చేశాను. బేస్ నాబ్ ఫుల్‌గా తిప్పాను, పెద్దగా తేడా లేదు. ఫోన్ బదులు లాప్‌టాప్ పెట్టాను, అదే సౌండ్. కేబుల్ మార్చాను, అదే. అంటే పాట ఫైల్‌లో తప్పు లేదు, ఫోన్‌లో తప్పు లేదు, కేబుల్‌లో తప్పు లేదు.

అప్పుడు ఏ స్పీకర్ పాడైందో చూద్దామని బ్యాలెన్స్ నాబ్‌ని పూర్తిగా ఎడమ వైపు తిప్పాను. కుడి స్పీకర్ ఆగిపోయింది, ఎడమది ఒక్కటే మోగుతోంది. ఆశ్చర్యం ఏమిటంటే బేస్ వచ్చేసింది! సరే, ఎడమది మంచిది, కుడిది పోయిందన్నమాట అనుకుని నాబ్‌ని పూర్తిగా కుడి వైపు తిప్పాను. అక్కడా బేస్ బాగానే ఉంది. మళ్ళీ మధ్యలో పెట్టాను. రెండు స్పీకర్లూ కలిసి మోగగానే బేస్ పోయింది.

కాసేపు ఆగి దీని గురించి ఆలోచించండి. ఒక స్పీకర్ మోగితే బేస్ ఉంది. రెండో స్పీకర్ దానికి తోడైతే బేస్ పెరగాలి. కానీ తగ్గింది. నా పాత ఉద్యోగం భాషలో చెప్పాలంటే, రెండు ఫంక్షన్లూ విడివిడిగా టెస్ట్ చేస్తే పాస్, కలిపి రన్ చేస్తే ఫెయిల్. అలాంటప్పుడు తప్పు ఫంక్షన్ లోపల ఉండదు, వాటిని కలిపిన చోట ఉంటుంది. ఇక్కడ కలిపిన చోటు అంటే వైరింగ్.

ఈ ఒక్క టెస్ట్ గుర్తుపెట్టుకుంటే ఈ ఎపిసోడ్‌లో సగం మీకు వచ్చేసినట్టే. విడివిడిగా బేస్ ఉండి, కలిస్తే పోతుంటే, అది దాదాపుగా పోలారిటీ సమస్యే. విడిగా కూడా బేస్ లేకపోతే అప్పుడు వూఫర్‌నో, యాంప్లిఫయర్‌నో, స్పీకర్ పెట్టిన చోటునో అనుమానించాలి.

అసలు లోపల ఏం జరుగుతోంది?

స్పీకర్ వెనకాల రెండు టెర్మినల్స్ ఉంటాయి. ఒకటి ఎరుపు, అది ప్లస్. ఇంకోటి నలుపు, అది మైనస్. యాంప్లిఫయర్ నుంచి వచ్చే కరెంటు క్షణక్షణానికీ దిశ మారుస్తూనే ఉంటుంది. అది ఒక దిశలో వెళ్తే వూఫర్ కోన్ ముందుకు వచ్చి గాలిని తోస్తుంది. రెండో దిశలో వెళ్తే వెనక్కి వెళ్ళి గాలిని లాగుతుంది. మనం వినే శబ్దం అంతా ఈ తోయడం, లాగడమే.

ఎడమ స్పీకర్‌కి ప్లస్ వైరు ప్లస్‌కీ, కుడి స్పీకర్‌కి ప్లస్ వైరు మైనస్‌కీ పడిందనుకోండి. పాటలో డ్రమ్ము దెబ్బ పడగానే ఎడమ కోన్ ముందుకు వస్తుంది, అదే క్షణంలో కుడి కోన్ వెనక్కి పోతుంది. ఒకటి గాలిని తోస్తోంది, ఇంకోటి లాగేస్తోంది. ఊయలని ఇద్దరు చెరో వైపు నుంచి ఒకేసారి నెడితే ఏమవుతుంది? ఇద్దరూ కష్టపడతారు, ఊయల కదలదు. ఇక్కడ కదలనిది మీ గదిలో గాలి.

మరి బేస్ మాత్రమే ఎందుకు పోతుంది, మిగతా సౌండ్ ఎందుకు మిగులుతుంది? ఇది అందరికీ వచ్చే డౌట్. దీనికి సమాధానం అల పొడవులో ఉంది. గాలిలో శబ్దం సెకనుకి సుమారు 345 మీటర్లు వెళ్తుంది. 50 హెర్ట్జ్ బేస్ అంటే సెకనుకి 50 అలలు. కాబట్టి ఒక్కో అల పొడవు 345 బై 50, దాదాపు 6.9 మీటర్లు. మా హాలు కంటే పొడవు!

మా హాల్లో కొలతలు తీసుకున్నాను. స్పీకర్ల మధ్య 2 మీటర్లు. నాన్న కుర్చీ వాటికి రెండున్నర మీటర్ల ఎదురుగా ఉంది. కానీ సరిగ్గా మధ్యలో కాదు, ఒక 30 సెంటీమీటర్లు కుడి వైపు. అంటే ఎడమ స్పీకర్ నుంచి శబ్దం కుడి స్పీకర్ కంటే 22 సెంటీమీటర్లు ఎక్కువ దూరం రావాలి. 6.9 మీటర్ల అలకి 22 సెంటీమీటర్లు ఒక లెక్కే కాదు, 30వ వంతు. కాబట్టి రెండు అలలూ దాదాపు ఒకేసారి చేరతాయి. ఒకటి పైకి, ఒకటి కిందకి కాబట్టి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. కుర్చీ అటూ ఇటూ కొంచెం జరిపినా పెద్ద మార్పు ఉండదు.

ఇప్పుడు 780 హెర్ట్జ్ తీసుకోండి. అల పొడవు సుమారు 44 సెంటీమీటర్లు. అందులో 22 సెంటీమీటర్లు అంటే సరిగ్గా సగం అల. సగం అల ఆలస్యం అయితే పైకీ కిందకీ మళ్ళీ తారుమారు అవుతుంది. రెండుసార్లు తిరగబడితే మొదటికే వచ్చినట్టు కదా? అందుకే అక్కడ కొట్టేసుకోవు, కలిసిపోతాయి. ఇంకా పైకి వెళ్తే అల పొడవు ఇంకా చిన్నది. ఒక చోట కలుస్తుంది, ఒక చోట కొట్టేసుకుంటుంది, తల కొంచెం కదిపితే మళ్ళీ మారుతుంది. మొత్తం మీద పై స్వరాలు మిగులుతాయి, కానీ ఒక చోట నిలబడవు. సౌండ్ సన్నగా, చెదిరిపోయినట్టు అనిపించడానికి కారణం ఇదే.

పాత పాటలకే దెబ్బ ఎక్కువ

నాన్న చెప్పిన ఇంకో మాట నాకు మొదట అర్థం కాలేదు. "కొత్త పాటలు కొంచెం నయం, ఘంటసాల పాటలే మరీ డొల్లగా ఉన్నాయి" అన్నారు. మొదట ఆ పాటల మీద ప్రేమ కొద్దీ అంటున్నారని అనుకున్నాను. కాదు, ఆయన చెవి చాలా కరెక్ట్‌గా చెప్పింది.

ఘంటసాల కాలం నాటి సినిమా పాటలు ఎక్కువగా మోనో రికార్డింగులు. అంటే ఎడమ ఛానల్‌లో ఏముందో కుడి ఛానల్‌లోనూ అచ్చంగా అదే ఉంటుంది. ఒక పక్క తిరగబడితే పాట మొత్తం తనని తానే కొట్టేసుకోవడం మొదలుపెడుతుంది. గాయకుడి గొంతు రెండు స్పీకర్ల మధ్య నుంచి వచ్చినట్టు ఉండాల్సింది, ఎక్కడి నుంచి వస్తోందో తెలియకుండా గదంతా తేలుతుంది.

స్టీరియో పాటల్లో కొన్ని వాయిద్యాలు ఎడమ వైపు, కొన్ని కుడి వైపు ఎక్కువగా ఉంటాయి. అవి రెండో పక్క లేవు కాబట్టి కొట్టేసుకోవు. కానీ సాధారణంగా పాడేవాళ్ళ గొంతు, బేస్ గిటార్, కిక్ డ్రమ్ మధ్యలో పెడతారు, అంటే రెండు పక్కలా సమానంగా. కాబట్టి స్టీరియోలో కూడా ముందు పోయేది బేస్, తర్వాత చెదిరేది గొంతు. ఇళయరాజా పాటల్లో బేస్ గిటార్ ఎంత పని చేస్తుందో మీకు తెలుసు. అది పోతే ఆ పాటకి కాళ్ళు తీసేసినట్టే.

ఎలా సరిచేశాం, మధ్యలో నేను చేసిన తప్పు

యాంప్లిఫయర్ వెనక చూస్తే విషయం అర్థమైంది. ఎడమ స్పీకర్‌కి ఒక ఎరుపు, ఒక నలుపు వైరు లాగారు. కుడి వైపు పైపులో మాత్రం రెండూ ఎరుపే. నల్ల వైరు అయిపోయిందేమో, ఉన్నదానితో లాగేసినట్టున్నారు. గోడ అవతల బయటికి వచ్చిన రెండు ఎర్ర వైర్లలో ఏది ఏదో ఎవరికి తెలుస్తుంది? గుడ్డిగా పెట్టారు. యాభై శాతం ఛాన్స్, అది తప్పింది.

మొదట యాంప్లిఫయర్ ఆపి, ప్లగ్ తీశాను. ఇది తప్పనిసరి. ఆన్‌లో ఉండగా వైర్లు తీస్తే రెండు కొనలూ ఒకదానికొకటి తగిలి యాంప్లిఫయర్ అవుట్‌పుట్ కాలిపోవచ్చు. తర్వాత కుడి ఛానల్ రెండు వైర్లనీ యాంప్లిఫయర్ దగ్గర అటుదిటు మార్చి, ఆన్ చేశాను. ఏ మార్పూ లేదు! నా థియరీ మొత్తం తప్పా అనుకున్నాను.

అప్పుడు మా తమ్ముడు స్పీకర్ వెనక నుంచి లేచి, "అన్నా, నేనూ ఇక్కడ మార్చేశాను" అన్నాడు. నేను అటు చివర మార్చాను, వాడు ఇటు చివర మార్చాడు. మైనస్ ఇంటూ మైనస్ ప్లస్, మొదటికొచ్చాం. అందుకే రూల్ ఒకటే: ఒక్క స్పీకర్‌కి, ఒక్క చివర మాత్రమే మార్చాలి. రెండు స్పీకర్లకీ మార్చినా అంతే, రెండూ తిరగబడతాయి, వాటి మధ్య తేడా అలాగే ఉంటుంది.

వాడు మార్చింది మళ్ళీ వెనక్కి పెట్టించి, ఆన్ చేశాం. నేనేమీ చెప్పలేదు. వరండాలో పేపర్ చదువుతున్న నాన్న లేచి లోపలికి వచ్చారు. "ఏం చేశావురా?" అని అడిగి కుర్చీలో కూర్చున్నారు. ఆ తర్వాత గంట సేపు లేవలేదు.

ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం. బేస్ నాబ్‌ని నేను ఫుల్‌లో వదిలేసి ఉన్నాను. పోలారిటీ సరికాగానే కిటికీ అద్దాలు గలగలమన్నాయి. వెంటనే మధ్యకి తిప్పాను. ఇదే సమస్య ఉన్న చాలామంది బేస్ రావట్లేదని బేస్, వాల్యూమ్ రెండూ పెంచేస్తారు. బయటికి వినిపించకపోయినా లోపల వూఫర్లు పూర్తి శక్తితో కొట్టుకుంటూనే ఉంటాయి, యాంప్లిఫయర్ తన పరిమితి దాటి సౌండ్ చీలుతుంది. అలా కొన్నాళ్ళు నడిపితే, బాగున్న స్పీకర్లు నిజంగానే కాలిపోవచ్చు.

మీ ఇంట్లో చెక్ చేసుకోవాలంటే

యాంప్లిఫయర్‌కి బ్యాలెన్స్ నాబ్ లేకపోయినా కంగారు లేదు. ఆండ్రాయిడ్‌లో, ఐఫోన్‌లో రెండింట్లోనూ `Settings` లో `Accessibility` లోకి వెళ్తే, ఆడియో విభాగంలో ఎడమ కుడి బ్యాలెన్స్ స్లైడర్ ఉంటుంది. అక్కడే `Mono audio` అనే ఆప్షన్ కూడా ఉంటుంది. అది ఆన్ చేస్తే ఏ పాటైనా రెండు ఛానల్స్‌లో ఒకేలా వెళ్తుంది కాబట్టి తేడా ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. టెస్ట్ అయ్యాక ఆఫ్ చేయడం మర్చిపోకండి.

లాప్‌టాప్‌లో `ffmpeg` ఉన్నవాళ్ళు టెస్ట్ ఫైళ్ళు మీరే తయారుచేసుకోవచ్చు. మొదటిదాంట్లో రెండు పక్కలా ఒకే 80 హెర్ట్జ్ టోన్. రెండోదాంట్లో కుడి పక్క కావాలనే తిరగేశాం, ఆ మైనస్ గుర్తు చూడండి.

```
ffmpeg -f lavfi -i "aevalsrc=0.3*sin(2*PI*80*t)|0.3*sin(2*PI*80*t):d=5" same.wav
ffmpeg -f lavfi -i "aevalsrc=0.3*sin(2*PI*80*t)|-0.3*sin(2*PI*80*t):d=5" flip.wav
```

స్పీకర్లకి మధ్యలో కూర్చుని, వాల్యూమ్ తక్కువలో పెట్టి రెండూ వినండి. `same.wav` నిండుగా, `flip.wav` నీరసంగా ఉంటే మీ వైరింగ్ కరెక్ట్. దానికి రివర్స్‌లో ఉంటే మీ వైరింగే రివర్స్. చిన్న స్పీకర్లయితే రెండింటినీ ఎదురెదురుగా, నాలుగు వేళ్ళ దూరంలో పెట్టి వినండి, తేడా ఇంకా బాగా తెలుస్తుంది.

గోడలో వైర్లు ఒకే రంగువైతే ఏది ఏదో కనుక్కోవడానికి 1.5 వోల్టుల పెన్సిల్ బ్యాటరీ, మల్టీమీటర్ చాలు. రెండు చివర్లూ విప్పేయండి. యాంప్లిఫయర్ వైపు కొనలకి బ్యాటరీ పెట్టి, స్పీకర్ వైపు కొనల దగ్గర డీసీ వోల్టేజ్ చూడండి. మీటర్ మీద మైనస్ గుర్తు లేకుండా 1.5 చూపిస్తే, మీటర్ ఎర్ర ప్రోబ్ తగిలిన వైరే బ్యాటరీ ప్లస్‌కి పెట్టిన వైరు. దానికి ఒక టేపు ముక్క చుట్టేయండి. మేము ఆ రోజే చుట్టేశాం.

మీటర్ లేకపోతే స్పీకర్‌నే మీటర్ చేసుకోవచ్చు. యాంప్లిఫయర్ వైపు వైర్లు విప్పి, ఆ కొనలకి బ్యాటరీని ఒక్క క్షణం మాత్రమే తాకించండి. వూఫర్ కోన్ ముందుకు దూకిందా, వెనక్కి పోయిందా ఇంకొకరు చూడాలి. రెండో స్పీకర్‌కీ అదే చేయండి. బ్యాటరీ ప్లస్ మీరు ఏ వైరుకి తాకిస్తే రెండు కోన్లూ ముందుకు వస్తాయో, ఆ రెండు వైర్లే యాంప్లిఫయర్ ఎర్ర టెర్మినల్స్‌కి వెళ్ళాలి. ఇక్కడ చూడాల్సింది రెండూ ఒకే దిశలో కదులుతున్నాయా అని మాత్రమే. కొన్ని పాత స్పీకర్లలో ఎరుపుకి ప్లస్ ఇస్తే కోన్ వెనక్కి పోయేలా తయారుచేశారు. రెండూ అలాగే ఉంటే ఏ ఇబ్బందీ లేదు.

చివరగా, ఇలాగే అనిపించే ఇంకో సమస్య ఉంది. ఇయర్‌ఫోన్స్ జాక్ సగమే దిగినా, లోపల కామన్ వైరు తెగినా గొంతు, బేస్ మాయమై కరోకేలా వినిపిస్తుంది. అక్కడ ఒక్క చెవిలో విన్నా గొంతు ఉండదు. పోలారిటీ సమస్యలో ఒక్కో స్పీకర్ విడిగా అంతా బాగుంటుంది. తేడా అక్కడే దొరుకుతుంది. కారులో డోర్ స్పీకర్లు మార్పించాక బేస్ తగ్గినా ముందు చేయాల్సింది ఇదే బ్యాలెన్స్ టెస్ట్.

మూడున్నర వేలు మిగిలాయి, అది సరే. బయల్దేరేటప్పుడు నాన్న ఒక మాట అన్నారు, "చెవులు బాగానే ఉన్నాయన్నమాట." మీ ఇంట్లో కూడా ఎవరైనా సౌండ్ బాగోలేదంటే, ముందు వాళ్ళ చెవుల్ని కాదు, వైర్లని చూడండి. మళ్ళీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటాను.